ఒక్క పరీక్ష టిప్‌కి నిమిషం లోపు వీడియో: టైటిల్, మొదటి మాటలు కుదిరేదాకా నా అనుభవం

నేను ఒక ట్యూషన్ సెంటర్‌లో మ్యాథ్స్ చెబుతాను. 2025 ఆగస్టులో మా సెంటర్ తరఫున యూట్యూబ్ షార్ట్స్‌లో ఒక నిలువు వీడియో పెట్టాం. నిడివి నిమిషం కూడా లేదు, అందులో చెప్పింది ఒకే ఒక్క టిప్. షూటింగ్ ఒక్క సాయంత్రంలో అయిపోయింది. దాని టైటిల్‌కి, మొదటి రెండు వాక్యాలకి మాత్రం దాదాపు రెండు వారాలు పట్టింది. ఇలాంటి పని మొదలుపెట్టబోయే టీచర్లకు ఆ రెండు వారాల్లో ఏం జరుగుతుందో తెలిస్తే బాగుంటుందని రాస్తున్నాను.

ఆగస్టు మొదటి సోమవారం క్లాసులు అయ్యాక మా డైరెక్టర్ గారు నన్ను, ఫిజిక్స్ సార్‌ని కూర్చోబెట్టారు. ఫిజిక్స్ సార్‌కి ఫోన్‌లో ఎడిటింగ్ వచ్చు, అందుకని ఆయన. మ్యాథ్స్‌కే పిల్లలు ఎక్కువ భయపడతారని నేను. "మేడమ్, షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టొచ్చట. మూడు టిప్స్ చెప్పేద్దాం" అన్నారు డైరెక్టర్ గారు. ఆ మాట నిజమే. 2024 అక్టోబర్ 15 నుంచి నిలువు వీడియో మూడు నిమిషాల వరకు షార్ట్స్ కిందే వస్తోంది, అంతకు ముందు నిమిషమే. కానీ మూడు టిప్స్ ఉన్న వీడియోకి మొదటి వాక్యం ఏం రాస్తాం? "ఈ రోజు మూడు టిప్స్ తెలుసుకుందాం" అనడం తప్ప దారి లేదు. ఆ వాక్యం విన్న పిల్లవాడికి ఇంకా ఏమీ అందలేదు. ఒక్క టిప్ అయితే నోరు తెరవగానే విషయంలోకి వెళ్లొచ్చు. అదే చెప్పాను. ఫిజిక్స్ సార్ నా పక్షాన నిలిచారు. డైరెక్టర్ గారు "సరే, మొదటిది ఒక్క టిప్‌తో చేయండి, చూద్దాం" అన్నారు.

ఏ టిప్ అన్నది నాకు ముందే తెలుసు. ప్రతి వారం బిట్స్ పరీక్ష పెట్టినప్పుడు రఫ్ పేపర్లు కూడా తీసుకుంటాను. వాటిలో ఒక సంగతి ఎప్పుడూ కనిపిస్తుంది. పిల్లలు లెక్క చక్కగా చేస్తారు, ఎక్కడా కూడిక తప్పదు, గుర్తు తప్పదు, కానీ ఆప్షన్ మాత్రం తప్పు పెడతారు. ఉదాహరణకి ఈ లెక్క: దీర్ఘచతురస్రం పొడవు దాని వెడల్పు కంటే 5 సెంటీమీటర్లు ఎక్కువ, వైశాల్యం 84 చదరపు సెంటీమీటర్లు, అయితే చుట్టుకొలత ఎంత? వెడల్పుని x అనుకుని x(x + 5) = 84 రాస్తారు, x = 7 వస్తుంది. ఆప్షన్లలో 7 కనిపిస్తుంది. టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. అడిగింది చుట్టుకొలత, అంటే 2(7 + 12), 38. ఆ 7 అక్కడ ఊరికే లేదు. బిట్స్ తయారుచేసేటప్పుడు మధ్యలో వచ్చే విలువని ఒక ఆప్షన్‌గా పెట్టడం మా అందరికీ అలవాటే. లెక్క చివరి దాకా చేసినవాళ్లెవరో, సగంలో ఆగినవాళ్లెవరో దాంతో తేలుతుంది.

దీనికి నేను క్లాసులో చెప్పే ఉపాయం చిన్నది. ప్రశ్న చదివేటప్పుడు ముందు చివరి లైన్ చదవాలి, ఏం కావాలో రఫ్‌లో ఒక మూల రాసుకోవాలి, ఆ తర్వాతే పై నుంచి మొదలుపెట్టాలి. తెలుగులో ఇది మరీ బాగా పనికొస్తుంది. మన వాక్యంలో అడిగే మాట చివరనే ఉంటుంది కాబట్టి. "కింది వాటిలో సరైనది కానిది ఏది" అన్న ప్రశ్నలో "కానిది" చూడకుండా నాలుగు ఆప్షన్లూ చదివేసే పిల్లలు ఎంతమందో.

టిప్ దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా టైటిల్ దగ్గరే మొదలైంది.

బుధవారం డైరెక్టర్ గారు తనే ఒక టైటిల్ రాసి పంపారు: "ఈ ఒక్క ట్రిక్‌తో మ్యాథ్స్‌లో 100కి 100!" చదవగానే నాకు గుండెల్లో ఏదో బరువుగా అనిపించింది. ఆ వీడియోలో కనిపించేది నా ముఖం. రేపు క్లాసులో ఒక పిల్లవాడు "మేడమ్, చివరి లైన్ చదివితే వందకి వంద వస్తాయా?" అంటే ఏం చెప్పాలి? రావు. ఈ ఉపాయం చేతికి వచ్చిన మార్కు జారిపోకుండా ఆపుతుందే గానీ, రాని చాప్టర్‌ని రప్పించదు. ఫోన్ చేసి అదే అన్నాను.

"అందరూ అలాగే పెడుతున్నారు కదా మేడమ్, అలా అయితేనే నొక్కుతారు" అన్నారు.

"సార్, నొక్కేది ఎక్కడండీ? షార్ట్స్‌లో వీడియో దానంతట అదే వచ్చి ఆడుతుంది. పిల్లలు ముందు చూసేది బొమ్మని, మాటని. టైటిల్ కింద చిన్నగా ఉంటుంది. దాన్ని నమ్మి ఆగినవాళ్లు కూడా పది సెకన్లలో వందకి వంద రాదని తెలుసుకుని వెళ్లిపోతారు."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "అయితే మీరే ఒకటి రాయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. పెద్దమనిషితో వాదించానే, ఇప్పుడు అంతకంటే మంచిది రాయకపోతే ఎలా అన్న టెన్షన్.

గురువారం ఫిజిక్స్ సార్ సెంటర్ ఛానల్ తెరిచి, పాత వీడియోల లెక్కలు చూపించారు. యూట్యూబ్ స్టూడియోలో ఒక్కో షార్ట్ కింద రెండు విషయాలు చూడాలని ఆయనే చెప్పారు. ఒకటి, వీడియో ఎదురైన వాళ్లలో ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది వేలితో తోసేసి వెళ్లారు. రెండోది, ఏ సెకను దగ్గర ఎంతమంది మిగిలారో చూపించే గీత. మా పాత వీడియోలన్నీ ఒకే తీరుగా మొదలవుతాయి. సెంటర్ లోగో తిరుగుతూ వస్తుంది, తర్వాత "హాయ్ స్టూడెంట్స్, మన ఛానల్‌కి స్వాగతం, ఈ రోజు మనం పరీక్షల్లో చాలా ఉపయోగపడే ఒక విషయం తెలుసుకుందాం" అని ఎవరో ఒకరు చెబుతారు. ఇదయ్యేసరికి ఎనిమిది తొమ్మిది సెకన్లు. గీత సరిగ్గా అక్కడే పై నుంచి కిందికి జారిపోయి ఉంది. అసలు విషయం మొదలయ్యాక మిగిలిన కొద్దిమంది మాత్రం చివరి దాకా ఉన్నారు. అంటే చెప్పిన విషయంలో లోపం లేదు. దాని దాకా ఎవరూ రావట్లేదు, అంతే.

కాబట్టి లోగో, పలకరింపు రెండూ తీసేయాలని ఆ రోజే తేల్చుకున్నాం. సెంటర్ పేరు ఎక్కడ అని డైరెక్టర్ గారు అడుగుతారని తెలుసు. బోర్డు పైన మూలలో చిన్న అక్షరాలతో వీడియో అంతా ఉంటుందని చెబితే ఒప్పుకున్నారు.

ఇక మొదటి మాటలు. నేను మొదట రాసుకున్నది పైన చెప్పిన దీర్ఘచతురస్రం లెక్కతోనే. బోర్డు మీద ప్రశ్న, కింద ఆప్షన్లు, 7 చుట్టూ ఎర్ర సున్నా. "x విలువ ఏడు. ఆప్షన్లలో ఏడు ఉంది. కానీ ఆన్సర్ అది కాదు." కాగితం మీద నాకు బాగా నచ్చింది. శుక్రవారం క్లాసు ముగిశాక ఫోన్‌లో ఊరికే తీసి, ముందు వచ్చి కూర్చున్న కొందరు పిల్లలకి చూపించాను. మొదటి ఐదు సెకన్లు చూపించి ఆపేసి, "ఏం అర్థమైంది?" అని అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. ఒకమ్మాయి మెల్లగా "ప్రశ్న చదువుతున్నాను మేడమ్, మీరు ఏం చెప్పారో వినలేదు" అంది.

ఆ ఒక్క జవాబు నాకు చాలా నేర్పింది. ఆ ప్రశ్నలో పొడవు, వెడల్పు, వైశాల్యం, చుట్టుకొలత, రెండు అంకెలు ఉన్నాయి. నేను రోజూ చూసే లెక్క కాబట్టి నాకది ఒక్క చూపులో కనిపిస్తుంది. కొత్తగా చూసేవాళ్ల కన్ను దాన్ని చదవడానికే పది సెకన్లు తీసుకుంటుంది. ఆ పది సెకన్లూ నా మాట వాళ్లకి చెవిన పడదు. మొదటి మాటలు ఎంత పదునుగా ఉన్నా, తెర మీద చదవాల్సింది ఎక్కువైతే అవి వృథా. అప్పటిదాకా నేను మాటల గురించే ఆలోచిస్తున్నాను, కానీ మాటలకి సరిపడే లెక్కని ముందు వెతకాలి.

శని, ఆదివారాలు ఆ వెతుకులాటలోనే గడిచాయి. ఒక్క చూపులో చదివేయగలగాలి. అదే సమయంలో పై తరగతి పిల్లలు "ఇది చిన్నపిల్లల లెక్క" అని తోసేయకూడదు. మధ్యలో వచ్చే విలువ ఆప్షన్లలో ఉండాలి. x + 3 = 10 అయితే 2x ఎంత, అన్నది మొదట అనుకున్నాను. మరీ తేలిక, ఎవరూ పొరబడరు. చివరికి కుదిరింది ఇది:

```
2x + 6 = 20 అయితే
x + 3 విలువ ఎంత?

A) 7   B) 10   C) 13   D) 14
```

చెయ్యి అలవాటుగా ఎలా పోతుందో చూడండి. 6 అటు పంపితే 2x = 14, రెండుతో భాగిస్తే x = 7, ఆప్షన్ A. మధ్యలో వచ్చిన 14 కూడా D లో కూర్చుని ఉంది. అసలు జవాబు 7 + 3, అంటే 10. ఇంకా మంచి సంగతి నాకు రెండోసారి చూసినప్పుడు తట్టింది. చివరి లైన్ ముందు చదివి, కావలసింది x + 3 అని తెలిసినవాడికి x కనుక్కునే పనే లేదు. 2x + 6 లో సగం x + 3. 20 లో సగం 10. అయిపోయింది. అంటే ఈ టిప్ మార్కు కాపాడటమే కాదు, ఇలాంటి చోట టైమ్ కూడా మిగులుస్తుందని అదే లెక్కతో చూపించొచ్చు. ఆదివారం సాయంత్రం ఇది దొరికినప్పుడు కలిగిన ఆనందం ఈ మొత్తం పనిలో మళ్లీ కలగలేదు.

లెక్కని రెండు లైన్లుగా విడగొట్టడం కూడా కావాలనే చేశాం. ఒకే లైన్‌లో రాస్తే "చివరి లైన్ చదవండి" అన్న మాటకి తెర మీద అర్థం ఉండదు.

సోమవారం మళ్లీ పిల్లల ముందుకు. ఈసారి రాసుకున్న మొదటి మాట "ఏడు వచ్చిందా? ఆప్షన్లలో ఏడు కూడా ఉంది. కానీ ఆన్సర్ అది కాదు." ప్రశ్న అందరికీ చదవడానికి వీలైంది. కానీ ఇంకో చిక్కు. "నేను ఇంకా చేయడం మొదలుపెట్టలేదు మేడమ్, అప్పుడే ఏడు వచ్చిందా అంటే ఎలా?" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. సరిగ్గా చెప్పాడు. చూసేవాడితో ఒక పని చేయిస్తున్నాను, అది చేయడానికి టైమ్ ఇవ్వట్లేదు. అలాగని ఐదు సెకన్లు మౌనంగా ఆగితే, కొత్తవాళ్లు వెళ్లిపోతారు.

దీనికి దారి చూపింది ఫిజిక్స్ సార్. "మేడమ్, లెక్క వాళ్లతో చేయించడం ఎందుకు? చేసేసిన పేపర్ చూపించండి" అన్నారు. అంటే ఎవరో పిల్లవాడు చేసిన రఫ్ పేపర్‌లా, 2x = 14, x = 7 అని రెండు మెట్లు రాసి, A కి టిక్ పెట్టి, పక్కన ఎర్రపెన్నుతో తప్పు గుర్తు. చూసేవాడు ఆ పేపర్ దిద్దే టీచర్ అయిపోతాడు. దానికి తగ్గ మాట నాకు వెంటనే వచ్చింది:

"ఈ లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అయినా మార్కు రాలేదు."

బయటికి చదివితే మూడు సెకన్లు. తెర మీద ఎర్ర గుర్తు ఉంది, చెవికి తప్పు లేదని వినిపిస్తోంది. రెండూ పొసగవు కాబట్టి కన్ను తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెడుతుంది. వెతికినా మెట్లలో దొరకదు, ఎందుకంటే నిజంగానే లేదు. ఆ క్షణంలో రెండో వాక్యం పడాలి: "అడిగింది x కాదు, x + 3. ఆ మాట చివరి లైన్‌లో ఉంది." ఇక్కడికి ఎనిమిది సెకన్లు. టిప్ ఎందుకు కావాలో, ఎక్కడ పెట్టాలో రెండూ తేలిపోయాయి. మంగళవారం అదే పిల్లలకి కాకుండా వేరే బ్యాచ్‌కి చూపించాం. ఒకసారి చూసినవాళ్లకి జవాబు తెలిసిపోయి ఉంటుంది, వాళ్ల మొహం చూసి ఏమీ చెప్పలేం. కొత్త బ్యాచ్‌లో ఒకబ్బాయి వీడియో ఆపకముందే "అయ్యో, ప్లస్ త్రీ వేయలేదు" అన్నాడు. నాకు అది చాలు.

మొదటి మాటలు తేలాక టైటిల్ పని సులువైందనుకున్నాను. అలా కాలేదు. నా దగ్గర అప్పటిదాకా ఉన్న టైటిల్ "లెక్క కరెక్టే, మార్కు రాలేదు! ఎందుకు?" ఇప్పుడు మొదటి వాక్యం కూడా అదే చెబుతోంది. ఒకే మాట కింద అక్షరాల్లో, చెవిలో మాటగా రెండుసార్లు పడటం వృథా. నోటి మాట నొప్పి చెబుతున్నప్పుడు టైటిల్ మందు పేరు చెప్పాలి. పైగా ఫీడ్‌లో ఎదురైనవాళ్లకి టైటిల్ పెద్దగా కనిపించకపోయినా, వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి అదే ఆధారం. "మార్కు రాలేదు" అని ఎవరూ వెతకరు. "మ్యాథ్స్ బిట్స్ టిప్" అని వెతుకుతారు.

అప్పుడు రాసింది ఇది: "మ్యాథ్స్ బిట్స్‌లో మార్కులు పోకుండా ఉండాలంటే ప్రశ్నలో చివరి లైన్ ముందు చదవండి". అన్నీ ఉన్నాయి. కానీ ఫోన్‌లో పెట్టి చూస్తే "మ్యాథ్స్ బిట్స్‌లో మార్కులు పోకుండా…" దగ్గర తెగిపోయింది. తెలుగులో టైటిల్ రాసేవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అసలు చెప్పదలచుకున్నది అక్కడే ఉంటుంది, తెగిపోయేది కూడా అక్కడే. మిగిలిన ముందు ముక్క ఏ టీచర్ ఏ వీడియోకైనా పెట్టుకోవచ్చు, మా వీడియోకంటూ ఏమీ చెప్పదు. అలాగే యూట్యూబ్ టైటిల్‌కి వంద క్యారెక్టర్ల హద్దు ఉంది. తెలుగులో వత్తు, గుణింతపు గుర్తు విడివిడిగా లెక్కకి వస్తాయి. "ప్రశ్న" చూడటానికి రెండక్షరాలు, లెక్కలో ఆరు. పొట్టిగా రాశామనుకున్నది హద్దుకి దగ్గరగా వెళ్లిపోతుంది.

కాబట్టి వాక్యాన్ని తిరగేశాను. టిప్ ముందుకి, విషయం వెనక్కి: "చివరి లైన్ ముందు చదవండి: మ్యాథ్స్ బిట్స్ టిప్". తెగినా మొదటి నాలుగు మాటలు మిగులుతాయి, ఆ నాలుగే టిప్.

డైరెక్టర్ గారు వెంటనే పట్టుకున్నారు. "టిప్ టైటిల్‌లోనే చెప్పేస్తే వీడియో ఎందుకు చూస్తారు మేడమ్?" న్యాయమైన ప్రశ్న. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పకుండా, మరుసటి రోజు వీడియో చూడని పిల్లలకి టైటిల్ ఒక్కటే కాగితం మీద రాసి ఇచ్చాను. "ఇది చదివాక పరీక్షలో ఏం చేస్తారు?" అని అడిగాను. ఒకరు పేపర్‌లో ఆఖరి ప్రశ్న ముందు చేస్తామన్నారు. ఒకరు ఆప్షన్లు ముందు చదవాలా అన్నారు. ఇంకొకరు "చదివితే ఏమవుతుంది మేడమ్?" అన్నారు. టిప్ పేరు తెలిసినంత మాత్రాన టిప్ తెలియదని డైరెక్టర్ గారికి ఆ జవాబులే చెప్పాను. ఆయన నవ్వి "సరే, మీదే పెట్టండి" అన్నారు. వారం కిందటి బరువు ఆ మాటతో దిగింది.

ఆ వారం చివర్లో షూట్ చేశాం. ఖర్చు అంటూ ఏమీ కాలేదు, ఫోన్, స్టాండ్, కాలర్ మైక్ సెంటర్‌లోనే ఉన్నాయి. నిలువుగా, 1080 × 1920 లో తీశాం. నాకు క్లాసులో లేని వణుకు కెమెరా ముందు వచ్చింది. ముఖ్యంగా మొదటి వాక్యానికి. క్లాసులో అయితే పిల్లల మొహాలు చూసి గొంతు సర్దుకుంటాం. అక్కడ ఒక నల్లటి గాజు చుక్క తప్ప ఏమీ లేదు. కెమెరా వెనక ఒక అమ్మాయిని నిలబెట్టి ఆమెకి చెబుతున్నట్టు చెబితే గొంతు మామూలైంది.

ఇక్కడ రెండు చిన్న విషయాలు మాకు ముందు తెలియనివి. రికార్డ్ నొక్కాక ఊపిరి తీసుకుని మాట్లాడటం మొదలుపెట్టే లోపు దాదాపు సెకను నిశ్శబ్దం ఉంటుంది. అది మాట్లాడేవాళ్లకి తెలియదు, వీడియోలో మాత్రం వీడియో ఇంకా మొదలవ్వలేదన్నట్టు ఉంటుంది. ఫిజిక్స్ సార్ దాన్ని కోసేశారు. మరీ దగ్గరగా కోస్తే "ఈ" అన్న మొదటి అక్షరం సగం మింగుకుపోయి "లెక్కలో" అని వినిపించింది, మళ్లీ కొంచెం వెనక్కి జరిపారు. రెండోది, ఎడిటింగ్ యాప్‌లో అందంగా కనిపించిన సన్నటి తెలుగు ఫాంట్‌లో వత్తులు ఫోన్ తెర మీద మసకబారాయి. లావు ఫాంట్‌కి మార్చి, లైన్ల మధ్య ఖాళీ పెంచితే గానీ పై లైన్ వత్తులు కింది లైన్ గుడులకి తగలకుండా ఉండలేదు.

అందరికీ కనిపించేలా పెట్టే ముందు, ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి మా ఫోన్లలో చూద్దామన్నారు ఫిజిక్స్ సార్. ఆ సలహా ఎంత విలువైనదో చూశాక తెలిసింది. షార్ట్స్ తెరలో కుడి పక్కన లైక్, కామెంట్, షేర్ బటన్లు, కింద ఛానల్ పేరు, టైటిల్ వీడియో మీదే వచ్చి కూర్చుంటాయి. ఎడిటింగ్‌లో శుభ్రంగా కనిపించిన నాలుగు ఆప్షన్లలో కింది వరుస టైటిల్ కింద, D కుడి బటన్ల వెనక. ఎర్ర గుర్తు మీద కూడా బటన్ పడింది. ఎర్ర గుర్తు కనిపించకపోతే మా మొదటి వాక్యానికి అర్థమే లేదు. పేపర్‌ని మొత్తం పైకి, కొంచెం ఎడమకి జరిపి మళ్లీ చేశాం. అప్‌లోడ్ అయ్యాక మంచి నాణ్యతలో కనిపించడానికి కొంతసేపు ఆగాలి, ఆ లోపు చూసి మసకగా ఉందని కంగారు పడొద్దు. ఇంకొకటి, టైటిల్‌ని తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ, అదే లింక్ మీద వీడియో ఫైల్‌ని మార్చలేం. మొదటి వాక్యంలో ఏదైనా బాగోకపోతే తీసేసి కొత్తగా పెట్టడమే. అందుకే ప్రైవేట్‌గా చూసుకోవడం తప్పనిసరి అంటాను.

ఆదివారం సాయంత్రం విడుదల చేశాం. మరుసటి రోజు పొద్దున్నే డైరెక్టర్ గారు వ్యూస్ చూసి సంబరపడ్డారు. నాకూ సంతోషమే, కానీ ఆ అంకెని చూసి ఏమీ తేల్చలేం. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, ఒక వ్యూ కింద లెక్క. అరసెకనులో తోసేసినా అంతే. కాసేపు ఆగి చూసినవాళ్ల లెక్క యూట్యూబ్ స్టూడియోలో Engaged views అని విడిగా ఉంటుంది. రెండు రోజులు ఆగి అది చూద్దామన్నాను. ఆ రెండు రోజులు గంటకోసారి ఫోన్ చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

బుధవారం ముగ్గురం కూర్చుని చూశాం. పాత వీడియోల్లో చాలామంది తోసేసి వెళ్లేవాళ్లు. దీనికి ఆగినవాళ్లే ఎక్కువ. గీత మొదటి మూడు సెకన్లలో కొంచెం దిగి, తర్వాత చాలావరకు అలాగే సాగింది. "20 లో సగం 10" అన్న చోట గీత కాస్త పైకి లేచింది. వెనక్కి వెళ్లి మళ్లీ చూశారన్నమాట. మొదట్లో గీత వంద శాతం దాటి ఉండటం చూసి డైరెక్టర్ గారు ఏదో తప్పు లెక్క అనుకున్నారు. షార్ట్ అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చి ఆడుతుంది కాబట్టి, రెండోసారి చూసినవాళ్లు కూడా కలుస్తారు. మా చివరి వాక్యం "రఫ్‌లో ఒక మూల ఏం కావాలో రాసుకోండి" అని ముగుస్తుంది, వెంటనే "ఈ లెక్కలో ఎక్కడా తప్పు లేదు" మొదలవుతుంది. ఆ అతుకు బాగా కుదిరింది. చివర్లో "థ్యాంక్యూ, సబ్‌స్క్రైబ్ చేయండి" అని ఉంటే అక్కడే అందరూ వెళ్లిపోయేవారు.

దీన్నంతా మొదటి మాటల గొప్పే అని నేను అనను. లెక్క వేరు, లోగో లేదు, అప్‌లోడ్ చేసిన వేళ వేరు. ఒకే వీడియోతో ఏది ఎంత పని చేసిందో విడదీయలేం. టైటిల్ సంగతి అసలే తెలియదు, ఎందుకంటే వచ్చినవాళ్లలో ఎక్కువమంది షార్ట్స్ ఫీడ్ నుంచే వచ్చారు. వెతుక్కుని వచ్చేవాళ్లు వారాల తరబడి కొద్దికొద్దిగా చేరతారు కాబట్టి, టైటిల్‌ని ఇప్పట్లో మార్చొద్దని డైరెక్టర్ గారిని అడిగాను. ఆయన మధ్యలో ఒకసారి "100కి 100" చేర్చి చూద్దామా అన్నారు. వద్దన్నాను, ఆగారు.

కామెంట్లలో ఒక విద్యార్థి "పెద్ద పేరా ఇచ్చి కింద నాలుగైదు ప్రశ్నలు అడిగితే కూడా చివరి లైన్ ముందు చదవాలా మేడమ్?" అని అడిగాడు. పేరాకి చివరి లైన్ ప్రశ్న కాదు కాబట్టి అక్కడ ప్రశ్నలన్నీ ఒకసారి చూసుకుని పేరాలోకి వెళ్లమని, మెట్లు రాసే పరీక్షలో మధ్య మెట్లకి మార్కులు ఇస్తే నష్టం తక్కువే గానీ చివరి మెట్టు మార్కు పోతుందని, ఈ టిప్ ముఖ్యంగా బిట్స్‌కి అని జవాబు రాశాను. ఆ జవాబునే పైన పిన్ చేసి ఉంచాం.